కార్డుకు జాన, ముఖానికి మూర

ప్రశ్న: అయ్యా, మాది విజయవాడ సత్యనారాయణపురం. మ్యూచువల్ ఫండ్ ఖాతా తెరుద్దామని ఫోనులోనే ప్రయత్నిస్తున్నాను. పాన్ కార్డు ఫోటోను మూడుసార్లు, సెల్ఫీని రెండుసార్లు “Image not clear” అంటూ తిప్పికొట్టారు. మొదటిసారి అక్షరాలు బాగా కనిపించాలని కార్డును కెమెరాకు బాగా దగ్గరగా పెట్టాను. రెండోసారి ఫ్లాష్ వేశాను. మూడోసారి ట్యూబ్‌లైటు కింద తీసి, ఫైలు 200 కేబీ దాటకూడదన్నారని ఒక వెబ్‌సైటులో తగ్గించి పంపాను. సెల్ఫీని యాప్ లోపలే తీయాలి కాబట్టి, అవే చోట్ల నిలబడి మామూలు కెమెరాతో మళ్లీ తీసి అన్నీ మీకు వాట్సాప్‌లో పంపుతున్నాను. నాది 50 మెగాపిక్సెళ్ల ఫోను. తప్పు ఎక్కడుంది? కొత్త ఫోను కొనాలా? — ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, కొత్త ఫోను కొననక్కర్లేదు. ఉన్న ఫోనుతోనే పని జరుగుతుంది. అయితే మీ ఐదు ఫోటోలకూ ఒకే జబ్బు లేదు. అన్నీ మసకగానే ఉన్నా, ఒక్కోటి ఒక్కో కారణంతో మసకబారింది. ఆ కారణమేమిటో తెలియకుండా మళ్లీ మళ్లీ తీస్తూ పోతే ఒక తప్పు దిద్దుకోబోయి మరో తప్పులో పడతాం. దగ్గరగా పెడితే కుదరలేదని ఫ్లాష్ వేయడం, ఫ్లాష్ వేస్తే కుదరలేదని ట్యూబ్‌లైటు కిందికి వెళ్లడం అలాంటివే. కాబట్టి ఒక్కో ఫోటోనూ ముందు పెట్టుకుని, ఆ మసక ఎలాంటిదో కంటితో ఎలా గుర్తుపట్టవచ్చో చెబుతాను.

దానికి ముందు ఒక మాట. మీరు మొదట పంపిన ప్రతులను చూసి నేను ఏమీ తేల్చలేకపోయాను. అందుకే వాటిని ఫోటోలుగా కాకుండా Document రూపంలో మళ్లీ పంపమని మిమ్మల్ని శ్రమపెట్టవలసి వచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంతేకాక, ఫోటో తీసినప్పటి షట్టర్ వేగం, ఐఎస్‌ఓ వంటి వివరాలు కూడా అందులోంచి తొలగిపోతాయి. Document రూపంలో పంపితే మీ ఫోనులో ఉన్న ఫైలే యథాతథంగా చేరుతుంది. నాకు పంపినంత మాత్రాన నష్టం లేదు గానీ, చాలామంది ఇంట్లో ఒకరి ఫోనుతో ఫోటో తీసి, వాట్సాప్‌లో మరొకరి ఫోనుకు పంపుకుని, అక్కడి నుంచి యాప్‌లోకి ఎక్కిస్తారు. మా గుంటూరు బ్రాడీపేట స్టూడియోకు వచ్చే ఇలాంటి కేసుల్లో ఈ దారి మళ్లింపు తరచుగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక మొదటి కార్డు ఫోటో. దాన్ని బాగా పెద్దది చేసి చూడండి. పాన్ నంబరులోని అక్షరాల అంచులు అన్ని వైపులకూ సమానంగా, దూదిలాగా విచ్చుకుని ఉన్నాయి. చిన్న చుక్క ఉండవలసిన చోట గుండ్రటి మరక ఉంది. ఇది ఫోకస్ తప్పిన మసక. చెయ్యి కదిలి ఉంటే ఆ చుక్క గుండ్రంగా కాకుండా ఒకే దిక్కుకు సాగి గీతలాగా కనిపించేది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం రోగనిర్ధారణ అయినట్లే.

ఫోకస్ ఎందుకు తప్పిందంటే, కార్డు లెన్సుకు మరీ దగ్గరగా ఉంది. ఫోటోలో కార్డు అంచులు ఫ్రేము బయటికి పోబోతున్న తీరును బట్టి చూస్తే, మీరు దాదాపు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఉంటారు. ప్రతి లెన్సుకూ ఇంతకంటే దగ్గరికి వస్తే చూడలేను అనే హద్దు ఒకటి ఉంటుంది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదవబోతే మన కంటికి ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. సాధారణంగా సెన్సరు పెద్దదైన కొద్దీ ఈ హద్దు దూరం జరుగుతుంది కాబట్టి, మీ పాత ఫోను పది సెంటీమీటర్ల నుంచి తీయగలిగిన కార్డును ఈ కొత్త 50 మెగాపిక్సెళ్ల ఫోను తీయలేకపోవచ్చు. అందులో వింతేమీ లేదు. కొన్ని ఫోన్లలో మాక్రో అనే పేరుతో వేరే కెమెరా ఉంటుంది. అది రెండు మెగాపిక్సెళ్లదే అయితే దాని జోలికి పోవద్దు, అందులో వచ్చే అక్షరాలు ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి.

మరి దూరంగా పెడితే అక్షరాలు చిన్నవైపోవా అని మీకు సందేహం రావచ్చు. ఇక్కడే లెక్క మనకు అనుకూలంగా ఉంది. పాన్ కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు, ఎత్తు 54 మిల్లీమీటర్లు. బ్యాంకు ఏటీఎం కార్డుది కూడా ఇదే కొలత. మీ ఫోను 50 మెగాపిక్సెళ్లదైనా, మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి సుమారు 4,080 పిక్సెళ్ల వెడల్పు గల ఫోటోను దాస్తుంది. కార్డును ఒక జాన దూరంలో, అంటే సుమారు 22 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఫోనును అడ్డంగా పట్టుకుని తీస్తే, మీ ఫోనులాంటి ప్రధాన కెమెరాకు ఆ దూరంలో దాదాపు 29 సెంటీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. కార్డు అందులో మూడో వంతుకు కొంచెం తక్కువ ఆక్రమిస్తుంది. అయినా దాని మీద సుమారు 1,200 పిక్సెళ్లు పడతాయి. జిరాక్స్ షాపులో స్కానరు మీద 300 డీపీఐతో స్కాన్ చేస్తే అదే కార్డుకు వచ్చేది 1,011 పిక్సెళ్లే. అంటే జాన దూరం నుంచి పదునుగా తీసి, చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించుకుంటే, స్కానరుకు తీసిపోని వివరం దక్కుతుంది. ఫ్రేము నింపాలన్న ఆరాటమే మీ మొదటి ఫోటోను చెడగొట్టింది.

రెండో ఫోటోలో ఫోకస్ చక్కగా ఉంది. కానీ కార్డు మధ్యలో తెల్లటి మచ్చ పడి, పుట్టిన తేదీలోని నెల, సంవత్సరం మొదటి రెండు అంకెలు పూర్తిగా మాయమయ్యాయి. నున్నటి ప్లాస్టిక్ మీద వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలికి తిరిగి వెళ్తుంది. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి, కార్డుకు ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేస్తే ఆ వెలుగు తిన్నగా లెన్సులోకే వచ్చిపడుతుంది. నడినెత్తిన ఉన్న ట్యూబ్‌లైటు కింద కార్డును బల్ల మీద పరిచి పైనుంచి తీసినా ఇదే గొడవ, దానికి తోడు మీ చెయ్యి, ఫోను నీడ కూడా కార్డు మీద పడుతుంది. కార్డుకు వెలుగు పక్కనుంచి రావాలి. కిటికీకి ఒక బారెడు దూరంలో నేల మీద గానీ స్టూలు మీద గానీ కార్డును పెట్టి, కిటికీ మీ ఎడమకో కుడికో ఉండేటట్లు కూర్చుంటే, కార్డు మీద పడిన మెరుపు లెన్సువైపు కాకుండా అవతలి గోడవైపు పోతుంది. ఇంకా మెరుస్తుంటే కార్డును జరపకుండా మీరే కొంచెం పక్కకు జరగండి. తెర మీద ఆ తెల్ల మచ్చ కార్డు దాటి వెళ్లిపోవడం మీకే కనిపిస్తుంది.

కార్డు కింద ఏమి వేశారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మీ రెండో ఫోటోలో తెల్లటి టేబుల్ గుడ్డ మీద లేత రంగు కార్డు పెట్టడం వల్ల దాని అంచులు గుడ్డలో కలిసిపోయాయి. అనేక యాప్‌లు కార్డు నాలుగు అంచులనూ ముందుగా వెతికి, ఆ తరువాతే లోపలి అక్షరాల జోలికి వెళ్తాయి. ముదురు రంగు, మెరవని, పువ్వులు లేని గుడ్డ ఏదైనా సరిపోతుంది.

మూడో ఫోటోకు రెండు జబ్బులున్నాయి, అందుకే దాన్ని కొంచెం తీరిగ్గా చూడాలి.

మొదటిది చేతి కదలిక. గ్యాలరీలో ఆ ఫోటో తెరిచి వివరాలు చూస్తే మీకే కనిపిస్తుంది: షట్టర్ సెకనులో 14వ వంతు సేపు తెరుచుకుని ఉంది, ఐఎస్‌ఓ 1,600. అంటే ట్యూబ్‌లైటు వెలుగు చాలక, కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచి, అదీ చాలక సిగ్నలును బాగా పెంచుకుంది. సెకనులో 14వ వంతు సేపు నిలకడగా ఉండే చేతులు ఎక్కువమందికి ఉండవు, నావి అసలే లేవు. నంబరులోని నిలువు గీతలు ఒక్కోటి రెండుగా కనిపించడం, అడ్డగీతలు మాత్రం బాగానే ఉండడం మీరు గమనించవచ్చు. ఫోను పక్కకు కదిలిందనడానికి అదే గుర్తు. ఇంట్లో ట్యూబ్‌లైటు మన కంటికి ధారాళంగా అనిపిస్తుంది గానీ కిటికీ పక్కన పగటి వెలుగు దానికంటే చాలా రెట్లు ఎక్కువ. మన కన్ను ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అదే కార్డును ఉదయం తొమ్మిది గంటలకు వసారాలో నీడపట్టున పెట్టి తీస్తే, షట్టర్ సెకనులో వందో వంతుకో అంతకన్నా తక్కువకో దిగుతుంది, చెయ్యి కాస్త వణికినా ఫరవాలేదు. నేరుగా ఎండలో మాత్రం పెట్టవద్దు. మన బెజవాడ ఎండలో ప్లాస్టిక్ కార్డు అద్దంలా మెరుస్తుంది, ఫోను తెర కూడా సరిగా కనిపించదు.

తీసేటప్పుడు మోచేతులు రెండూ మోకాళ్ల మీదో స్టూలు అంచుమీదో ఆనించుకుని, తెర మీద పాన్ నంబరు ఉన్నచోట వేలితో ఒకసారి తాకి, ఫోకస్ స్థిరపడేవరకు క్షణం ఆగి, మూడు సెకన్ల టైమరు పెట్టి వదిలేయండి. బొటనవేలితో తెర మీది బటను నొక్కడమే ఫోనును కదిలిస్తుంది, టైమరు ఆ కదలికను తప్పిస్తుంది. ఇలా నాలుగైదు తీసి, ప్రతిదాన్నీ పెద్దది చేసి, కార్డు మీద అతి చిన్న అక్షరాలు చదవగలుగుతున్నామా లేదా అని చూసి ఒకటి ఎంచుకోవాలి. చిన్న తెర మీద మొత్తం కనిపించేటట్లు చూస్తే అన్నీ బాగున్నట్లే ఉంటాయి.

మూడో ఫోటోకు రెండో జబ్బు ఆ వెబ్‌సైటు దగ్గర తగులుకుంది. మీరు ఎక్కించిన ప్రతిని పెద్దది చేస్తే, నునుపుగా ఉండవలసిన కార్డు రంగు చిన్న చిన్న చదరాలుగా విడిపోయి, నల్లటి అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్లు బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. ఇది ఫోకస్ మసక కాదు, కదలిక మసకా కాదు, కుదింపు మసక. జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల పొడవు, వెడల్పు గల చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో సన్నటి వివరాలను ముందుగా వదిలేస్తూ పోతుంది. పాన్ నంబరు అక్షరాల అంచులు సరిగ్గా అలాంటి సన్నటి వివరాలే.

మీరు చేసిన పొరపాటు ఎక్కడంటే, కత్తిరించకుండానే మొత్తం ఫోటోను 200 కేబీకి నొక్కేశారు. ఆ ఫోటోలో సుమారు కోటి ఇరవై అయిదు లక్షల పిక్సెళ్లున్నాయి. 200 కేబీ అంటే సుమారు 16 లక్షల బిట్లు. అంటే ఎనిమిదేసి పిక్సెళ్లకు కలిపి ఒక్క బిట్టు మిగిలింది, పైగా అందులో చాలాభాగం టేబుల్ గుడ్డ నేతను దాచడానికే ఖర్చయిపోయింది. అదే ఫోటోను ముందు కార్డు అంచుల వెంబడి, చుట్టూ సన్నటి ఖాళీ ఉంచి కత్తిరిస్తే, సుమారు 1,200 పిక్సెళ్ల వెడల్పు, 760 పిక్సెళ్ల ఎత్తు మిగులుతాయి. మొత్తం తొమ్మిది లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఇప్పుడు అవే 200 కేబీలో ఒక్కో పిక్సెలుకు ఒకటిన్నర బిట్టు కంటే ఎక్కువే దక్కుతుంది. జేపెగ్‌కు అది సుఖంగా సరిపోయే మోతాదు, అక్షరాల చుట్టూ దోమలు చేరవు. నిజానికి అలా కత్తిరించి దాచిన ఫైలు చాలాసార్లు 200 కేబీ లోపలికో, దానికి కొంచెం పైకో వచ్చి నిలుస్తుంది. కొంచెం పైన ఉంటే అప్పుడు వెడల్పును 1,000 పిక్సెళ్లకు తగ్గించండి. కత్తిరించడం ముందు, కొలత తగ్గించడం తరువాత, నాణ్యత తగ్గించడం చివర. ఈ వరుస తిరగబడితే ఫోటో చెడుతుంది.

ఇంకొకటి, ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టండి. తగ్గించిన దాన్నే మళ్లీ తెరిచి, తిప్పి, దాచి, ఇంకా తగ్గించి దాచితే, ప్రతి దాపులోనూ కొంత వివరం పోతుంది. ఒకప్పుడు నేనే ఒక అభ్యర్థి సంతకాన్ని, గడువు చివరి రోజు కంగారులో, వరుసగా ఐదుసార్లు దాచుకుంటూ పోయి, చివరికి అది సంతకమో చీమల బారో తెలియని స్థితికి తెచ్చాను. ఆ దరఖాస్తు తిరిగి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే కాబట్టి రెండోసారి డబ్బు తీసుకోలేదు.

ఆ వెబ్‌సైటు గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. పాన్ కార్డు బొమ్మను ఊరూ పేరూ తెలియని చోటికి ఎక్కించి, తగ్గించి, దింపుకోవడం మంచిది కాదు. అక్కడ అది ఎన్నాళ్లుంటుందో మన చేతిలో లేదు. ఫోను గ్యాలరీలోనే కత్తిరించే సదుపాయం ఉంటుంది, చాలా ఫోన్లలో కొలత తగ్గించే సదుపాయం కూడా ఉంటుంది. అది లేకపోతే, పైన చెప్పినట్లు కత్తిరించిన ఫోటోను వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని దించుకోవడం కూడా ఒక దారే. మొదట్లో వద్దన్న పనినే ఇప్పుడు చెబుతున్నానని అనుకోకండి. 4,080 పిక్సెళ్ల ఫోటోకు అది నష్టం గానీ, 1,200 పిక్సెళ్లకు ముందే కత్తిరించిన ఫోటోను అది ఇంకా చిన్నది చేయదు, ఫైలు బరువు మాత్రమే కొంత తగ్గిస్తుంది. తరువాత ఒకసారి పెద్దది చేసి చూసుకోండి.

కొన్ని యాప్‌లు గ్యాలరీ నుంచి తీసుకోకుండా, తెర మీద ఒక చట్రం గీసి, కార్డును అందులో నింపి అప్పటికప్పుడు తీయమంటాయి. ఫోను నిలువుగా పట్టుకున్నప్పుడు ఆ చట్రం నిండాలంటే కార్డు పది సెంటీమీటర్లకు అటూఇటూ రావాలి, మీ ఫోనుకు అది హద్దు దాటిన దగ్గరి దూరం. మొదటి ఫోటోకు పట్టిన గతే మళ్లీ పడుతుంది. అలాంటప్పుడు తెర మీద రెండు వేళ్లతో పెద్దది చేసుకునే వీలుందేమో చూడండి. ఉంటే జాన దూరానికి వెళ్లి రెండింతలు చేసుకోండి. లేకపోతే అక్షరాలు పదునుగా కనిపించేవరకు మెల్లగా వెనక్కి జరిగి, చట్రం కొంచెం నిండకపోయినా అక్కడే తీయండి. పదును ఉన్న చిన్న అక్షరం చదవడానికి వస్తుంది, పదును లేని పెద్ద అక్షరం ఎంత పెద్దదైనా రాదు. అక్షరాల పదును పెంచుతామని చెప్పే యాప్‌లను మాత్రం గుర్తింపు కార్డుల మీద ప్రయోగించవద్దు. మసకలో కలిసిపోయిన 3 నో 8 నో అవి ఊహించి గీస్తాయి. ఆ ఊహ తప్పితే మీ నంబరే మారిపోతుంది, దిద్దిన పత్రమన్న అనుమానం కూడా రావచ్చు.

ఇక సెల్ఫీలు. కార్డు తీసే వెనుక కెమెరా వేరు, సెల్ఫీ తీసే ముందు కెమెరా వేరు. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు ఫోకస్ మార్చుకునే శక్తే ఉండదు, దాదాపు చేతికి అందే దూరానికి ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. కాబట్టి అక్కడ తెర మీద ఎంత తాకినా వెలుతురు మారుతుందే తప్ప పదును మారదు. మన చేతిలో ఉన్నవి దూరం, వెలుగు రెండే.

మొదటి సెల్ఫీలో మీ వెనుక కిటికీ ఉంది. కెమెరా ఆ కిటికీ వెలుగును చూసి మొత్తం ఫోటో వెలుతురును తగ్గించుకుంది, ముఖం చీకట్లో పడిపోయింది. తరువాత ఫోను ఆ చీకటిని తనంతట తానే పైకి లేపి, అందులో పుట్టిన గరుకును చెరపడానికి నునుపు చేసింది. అందుకే ముఖం మైనంతో పోతపోసినట్లుంది, కనుబొమల వెంట్రుకలు కుంచెతో అలికినట్లున్నాయి. ఇది ఫోకస్ తప్పడం వల్ల వచ్చిన మసక కాదు, వెలుగు చాలక వచ్చినది. మందు చాలా తేలిక: కిటికీని వీపు వెనుక కాకుండా ముఖానికి ఎదురుగా ఉంచుకోండి. గుమ్మం లోపల రెండడుగుల వెనక్కి నిలబడి వీధివైపు చూస్తే చాలు, ముఖమంతా సమంగా వెలుగు పరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వద్దు, కళ్ల గుంటల్లో నల్లటి నీడ పడుతుంది. కళ్లద్దాలు ఉంటే, తీయమని యాప్ చెప్పకపోయినా, తీసేస్తేనే మంచిది. అద్దంలో కిటికీ ప్రతిబింబం కంటిపాపను కప్పేస్తుంది. నొసటి బొట్టు వల్ల ఇబ్బందేమీ లేదు. బ్యూటీ, పోర్ట్రెయిట్ అనే మోడ్‌లు మాత్రం ఆపేయండి. ఒకటి చర్మాన్నీ మరొకటి చెవులు, జుట్టు అంచులనూ నమిలేస్తాయి.

రెండో సెల్ఫీలో వెలుగు ఫరవాలేదు, కానీ మీరు చేతిని పూర్తిగా చాచి తీశారు. మామూలు కెమెరాతో తీసి నాకు పంపిన ప్రతిలో ముఖం బాగానే ఉంది కదా, మరి యాప్‌లో ఎందుకు చెల్లలేదని మీరు అనుకుని ఉంటారు. కారణమేమంటే, యాప్‌లు చాలాసార్లు పూర్తి ఫోటో తీసుకోవు. కెమెరా నుంచి ప్రవహించే వీడియోలోంచి ఒక్క చిత్రాన్ని పట్టుకుంటాయి, దాని వెడల్పు 720 పిక్సెళ్లే కావచ్చు. పాస్‌పోర్టు ఫోటోలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం, రెండు కంటిపాపల మధ్య దూరం ఫోటోలో కనీసం 90 పిక్సెళ్లుండాలంటుంది. మీ యాప్ సరిగ్గా ఆ అంకెనే పాటించాలని లేదు గానీ, కొలబద్దగా అది మంచిది. మనిషి కంటిపాపల మధ్య సుమారు 63 మిల్లీమీటర్లుంటాయి. చెయ్యి చాచిన 70 సెంటీమీటర్ల దూరంలో, 720 పిక్సెళ్ల చిత్రంలో ఆ 63 మిల్లీమీటర్లకు దక్కేది సుమారు 65 పిక్సెళ్లు. అదే ఒక మూర దూరానికి, అంటే 45 సెంటీమీటర్లకు, వస్తే 100 పిక్సెళ్లు దాటుతుంది. మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని ముందుకు చాచి ఫోను పట్టుకుంటే ఇంచుమించు అదే దూరం వస్తుంది, చెయ్యి కూడా కదలదు. ఫోను కంటి ఎత్తులో ఉండాలి కాబట్టి కుర్చీలో కూర్చుని మోచేతిని బల్ల మీద రెండు పుస్తకాలపై ఆనిస్తే ఇంకా నయం. జాన దూరానికి మాత్రం రావద్దు. ముందు కెమెరా ఫోకస్ హద్దు దాటడమే కాక, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయి, కార్డు మీది పాత ఫోటోతో పోలిక తగ్గుతుంది.

కార్డును చేత్తో పట్టుకుని సెల్ఫీ దిగమంటే, దాన్ని ముందుకు చాచకుండా చెంప పక్కన, ముఖంతో సమానమైన దూరంలో పట్టుకోండి, రెండూ ఒకే ఫోకస్‌లో పడతాయి. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో చూసినట్లు తిరగేసి దాస్తాయి. కార్డు మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తే కెమెరా సెట్టింగుల్లో ఆ అద్దం వరసను ఆపేయాలి.

ఇవన్నీ చేశాక కూడా ఫోటో మీద పల్చటి పొగలాంటి తెర కనిపించి, వెలుగున్న చోట్ల చుట్టూ వలయాలు కమ్మితే, లెన్సు మీద జిడ్డుంది. మా దగ్గర మిర్చి యార్డులో పనిచేసే ఒక గుమాస్తా కొత్త ఫోను కొని నెల తిరక్కుండా కెమెరా పోయిందని తెచ్చాడు. లెన్సు మీద చెమట, కొబ్బరినూనె, వాటికి అంటుకున్న ఎర్రటి మిరప దుమ్ము తప్ప దానికేమీ కాలేదు. దుమ్ము ఉన్నప్పుడు ముందుగా ఊది, ఆ తరువాత మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి. పాలిస్టర్ కొంగు జిడ్డును తుడవదు, పులుముతుంది. వేసవిలో ఏసీ గదిలోంచి వసారాలోకి వచ్చిన వెంటనే తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది, ఐదు నిమిషాలు ఆగితే అదే పోతుంది.

మీ పాన్ కార్డు విషయంలో నాకు మిగిలిన అనుమానం ఒకటే. రెండో ఫోటోలో ఫోకస్ బాగా కుదిరింది కాబట్టి స్పష్టంగా కనిపించింది: కార్డు మీద మీ ఫోటో కుడి చెంప దగ్గర అచ్చు అరిగి తెల్లబడింది. పర్సులో మరో కార్డుకు రాసుకుని అరిగి ఉంటుంది. అంకెలన్నీ చదవగలిగేలా ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన పద్ధతిలో ఒకసారి ప్రయత్నించండి. ముఖం పోలడం లేదనే కారణంతో తిరిగి వస్తే మాత్రం అది కెమెరా దిద్దగల తప్పు కాదు. అప్పుడు ఈ-పాన్ దించుకుని ఆ యాప్ దాన్ని అంగీకరిస్తుందేమో చూడడం, లేదా కార్డును మళ్లీ ముద్రించి పంపమని దరఖాస్తు పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

మీరు పంపిన కార్డు ఫోటోలను నా ఫోను, కంప్యూటరు రెండింటిలోంచీ చెరిపేశాను. మీరు కూడా మన వాట్సాప్ సంభాషణలోంచి వాటిని తీసేయండి.